తుపాకీ గుళ్లు, ఓ గుర్రం, ఊపిరితిత్తుల తెల్లగీతలు

1982లో మార్విన్ జిస్కిన్ అనే అమెరికన్ పరిశోధకుడు తన సహచరులతో కలిసి ఓ చిన్న వ్యాసం అచ్చువేశారు. కాలేయంలో తుపాకీ గుళ్లు ఉండిపోయిన రోగికి అల్ట్రాసౌండ్ చేస్తే, ఆ లోహపు గుళ్ల కింద తెరమీద తెల్లటి తోకలు కనబడ్డాయి. కాలేయంలో అలాంటి తోక ఏదీ లేదు. శబ్దం లోహంలో ఇటూ అటూ కొట్టుకుని ఆలస్యంగా తిరిగి రావడంతో యంత్రం పడ్డ భ్రమ అది. దానికి వాళ్లు పెట్టిన పేరు తోకచుక్క. నాలుగేళ్ల తర్వాత, 1986లో, నార్మన్ రాంటనెన్ అనే పశువైద్యుడు మరో సంగతి రాశారు. ఆయన చూసింది గుర్రాన్ని. ఛాతీగోడకూ ఊపిరితిత్తికీ మధ్య గాలి చేరిన గుర్రానికి అల్ట్రాసౌండ్ పెడితే, మామూలుగా కదలాల్సిన గీత కదలడం లేదు.

ఈ రెండు సంగతులకూ ఆనాడు మనుషుల ఆయాసంతో ఎవరూ పెద్దగా ముడిపెట్టలేదు. దానికి కారణమూ ఉంది. ఊపిరితిత్తికీ అల్ట్రాసౌండుకూ పొసగదని పాఠ్యపుస్తకాలు తేల్చేశాయి. గాలి తగలగానే శబ్దం దాదాపు మొత్తం వెనక్కి తిరిగి వచ్చేస్తుంది, లోపలికి పోదు. లోపలికి పోనిది చూపించలేదు కదా అన్నది వాదం. వాదంలో తప్పు లేదు. కానీ తెరమీద వచ్చే చెత్త అంతా ఒకే రకం చెత్త కాదని గమనించే ఓపిక అందులో లేదు.

ఆ ఓపిక దొరికింది పారిస్ పక్కనున్న బులోన్‌లో. అక్కడి ఆంబ్రోయిజ్ పారే ఆసుపత్రి ఐసీయూలో, ఫ్రాన్స్వా జార్దాన్ నడిపే విభాగంలో, గుండెను చూడడానికి యంత్రాన్ని మంచం దగ్గరికే తెచ్చుకునే అలవాటు ఉంది. అక్కడ పనిచేసిన డేనియల్ లిష్టెన్‌స్టైన్ ఆ యంత్రాన్ని గుండె దాటించి పక్కటెముకల మధ్య పెట్టి చూడడం మొదలుపెట్టారు. 1995లో కదిలే గీత మీద, 1997లో తోకచుక్కల మీద, 2000లో మరో గుర్తు మీద ఆయన వ్యాసాలు వరసగా వచ్చాయి. ఆ మూడింటినీ విడివిడిగా కాకుండా ఒక రోగి మంచం దగ్గర నిలబడి చూస్తే బాగా అర్థమవుతాయి.

ఒక ఊహా రోగిని తీసుకుందాం. అరవై అయిదేళ్ల పెద్దమ్మ. బీపీకి ఏళ్ల తరబడి మందులు వాడుతోంది, మధ్యమధ్యలో ఆపేస్తోంది. కట్టెల పొయ్యి పొగతో వచ్చిన పాత దగ్గూ ఉంది. తెల్లవారుజామున రెండు గంటలకు ఆయాసంతో లేచి కూర్చుంది, పడుకోలేకపోతోంది. స్టెతస్కోప్ పెడితే రెండు వైపులా పిల్లికూతలు. ఇది ఆస్తమా లాంటి ఊపిరితిత్తి జబ్బా, గుండె బలహీనపడి ఊపిరితిత్తుల్లోకి నీరు దిగిందా? మొదటిదైతే నెబ్యులైజర్, రెండోదైతే నీరు లాగే ఫ్యూరోసెమైడ్ ఇంజెక్షను. వైద్యం వేరు, తొందర ఒకటే.

ఆమెను కూర్చోబెట్టే చూడొచ్చు. ప్రోబుకు జెల్ రాసి, ముందు ఛాతీ మీద నిలువుగా, రెండు పక్కటెముకలను దాటేలా పెడతారు. ఎముకల కింద రెండు నల్లటి నీడలు పడతాయి. వాటి మధ్య, ఎముక మట్టానికి అర సెంటీమీటరు కింద, తళతళలాడే అడ్డగీత కనబడుతుంది. అదే ప్లూరా గీత, ఊపిరితిత్తిని కప్పిన పొరా ఛాతీగోడ లోపలి పొరా కలిసే చోటు. ముందు ఆ గీతను గుర్తుపట్టకుండా మిగతా ఏ గుర్తునూ చదవకూడదు. కొత్తవాళ్లు తడబడేది ఇక్కడే. చర్మం కింద గాలి చేరినవాళ్లలో పై నుంచే తెల్లగీతలు వచ్చి ఇవే ఊపిరితిత్తి గీతలని నమ్మిస్తాయి.

ఊపిరితిత్తి పొడిగా, గాలితో నిండి ఉంటే ప్లూరా గీత కింద దాని ప్రతిబింబాలు అడ్డంగా పడతాయి. చర్మం నుంచి ప్లూరా రెండు సెంటీమీటర్ల లోతున ఉంటే, నాలుగు దగ్గర ఒకటి, ఆరు దగ్గర ఒకటి, ఇలా సమదూరంలో. శబ్దం చర్మానికీ ప్లూరాకూ మధ్య బంతిలా కొట్టుకుంటున్నందువల్ల వచ్చేవి ఇవి. వీటిని ‘ఏ’ గీతలంటారు. మన పెద్దమ్మ తెరమీద అవి లేవు. వాటి బదులు, ప్లూరా గీత నుంచే మొదలై, ఎక్కడా చెదరకుండా తెర అడుగు దాకా నిలువుగా దిగే తెల్లటి చారలు ఉన్నాయి. ఒక్కో సందులో నాలుగైదు. దారిలో ఉండాల్సిన ‘ఏ’ గీతలను అవి చెరిపేస్తున్నాయి, ఆమె ఊపిరి పీల్చినప్పుడల్లా పక్కకు జరుగుతున్నాయి. 1997 వ్యాసంలోని తోకచుక్కలు, అంటే బి గీతలు, ఇవే.

ఊపిరితిత్తిని చిన్నచిన్న గదులుగా విడదీసే పలచటి గోడల్లో నీరు చేరి, పక్కనే గాలి ఉన్నప్పుడు ఇవి పుడతాయి. శబ్దం సరిగ్గా ఎలా చిక్కుకుంటుందన్నది ఇంకా వాదోపవాదాల్లోనే ఉంది. 1997 వ్యాసంలో లిష్టెన్‌స్టైన్ గమనించిన చక్కటి విషయం ఏమిటంటే, ఈ చారల మధ్య దూరం తరచూ ఏడు మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది, ఆ గోడల మధ్య దూరమూ దాదాపు అంతే. ఒకటి రెండు చారలు ఆరోగ్యవంతులకూ ఉంటాయి, ముఖ్యంగా కింది భాగంలో. 2012లో అంతర్జాతీయ నిపుణులు కూర్చుని పెట్టుకున్న కొలత ఇది: ఒక సందులో మూడు లేదా అంతకు మించి ఉంటేనే ఆ చోటును లెక్కలోకి తీసుకోవాలి, అలాంటి చోట్లు ప్రతి వైపూ కనీసం రెండు ఉంటేనే రెండు ఊపిరితిత్తులకూ జబ్బు వ్యాపించిందనాలి.

ఇంతవరకూ వచ్చి ఆగితే పొరపాటే. బి గీత నీటికి మాత్రమే గుర్తు కాదు. ఊపిరితిత్తి గట్టిపడి మచ్చలు పడినవాళ్లకూ ఉంటుంది, న్యుమోనియాలోనూ ఉంటుంది. 2020లో కోవిడ్ వార్డుల్లో లెక్కకు మిక్కిలిగా కనబడింది. తేడా తెలిసేది చారలు ఉండడంలో కాదు, ప్లూరా గీతలోనూ చారలు పరుచుకున్న తీరులోనూ. గుండె వల్ల వచ్చిన నీటిలో ఆ గీత నున్నగా, సన్నగా ఉంటుంది, చారలు రెండు వైపులా సరిసమానంగా పరుచుకుంటాయి. కోవిడ్‌లో, మచ్చల జబ్బులో అది గరుకుగా, అక్కడక్కడా తెగిపోయినట్టు ఉంటుంది. న్యుమోనియాలోనూ కోవిడ్‌లోనూ చారలు ఒకచోట గుంపుగా ఉండి, పక్క సందులో ఒక్కటీ ఉండకపోవచ్చు. పెద్దమ్మ గీత నున్నగా ఉంది.

తర్వాత ప్రోబును పక్కకు, వీపు వైపు, కిందికి దించుతారు. ఇక్కడ మొదట వెతకాల్సింది నీటిని కాదు, డయాఫ్రమ్‌ను. కుడివైపు కాలేయం మీద వంపుగా కదిలే తెల్లటి గీత అది. దాని కింద కనబడే నీరు కడుపులోది, పైనున్నది ఛాతీది. ఈ తేడా తెలియకుండా సూది గుచ్చితే కాలేయానికే తగులుతుంది. మామూలుగా ఊపిరి పీల్చినప్పుడు గాలి నిండిన ఊపిరితిత్తి పైనుంచి కిందికి జారి కాలేయాన్ని కప్పేస్తుంది, డయాఫ్రమ్ పైన వెన్నెముక అసలు కనబడదు. పెద్దమ్మ విషయంలో డయాఫ్రమ్‌కు పైన సన్నటి నల్లటి పట్టీ ఉంది, దాని వెనక వెన్నెముక పైదాకా కనబడుతోంది. శబ్దానికి నీళ్లు దారిచ్చాయన్నమాట. ఊపిరితో ఆ పట్టీ సన్నబడి మళ్లీ వెడల్పవుతోంది కాబట్టి అది మందం కట్టిన పొర కాదు, నిజంగా నీరే. నిలబెట్టి తీసిన ఎక్స్‌రేలో ప్రక్క కోణం మొద్దుబారాలంటే సుమారు 200 మిల్లీలీటర్ల నీరు కావాలి. ఇక్కడ కనబడుతున్నది దానికి బాగా తక్కువ. దీన్ని తీయనవసరం లేదు. దీని ప్రయోజనం వేరు: గుండెవైపే వేలు చూపించే మరో సాక్ష్యం.

ఇక మూడో గుర్తు. పెద్దమ్మ ప్లూరా గీత మీద, ప్రోబు కదలకుండా పట్టుకుని చూస్తే, చీమల బారు నడుస్తున్నట్టు సన్నటి మెరుపు ఊపిరితో పాటు అటూ ఇటూ జరుగుతోంది. పొర మీద పొర జారుతోంది. అది జారుతున్నంతసేపూ, సరిగ్గా ఆ చోట రెండు పొరల మధ్య గాలి లేదని చెప్పొచ్చు. గుర్రంలో రాంటనెన్ చూసింది ఈ జారుడు ఆగిపోవడాన్నే. గాయం తగిలినవాళ్లలో, వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో ప్లూరా పొరల మధ్య గాలి చేరితే, పడుకోబెట్టి తీసిన ఎక్స్‌రేలో అది తరచూ దాక్కుంటుంది. ముందు ఛాతీ మీద జారుడు చూస్తే రెండు నిమిషాల్లో ఆ అనుమానం తీరుతుంది.

అయితే జారుడు ఉందంటే గాలి లేదనడం ఎంత గట్టిదో, జారుడు లేదంటే గాలి ఉందనడం అంత గట్టిది కాదు. వెంటిలేటర్ గొట్టం కుడి శ్వాసనాళంలోకి ఎక్కువగా దిగిపోతే ఎడమ ఊపిరితిత్తికి గాలి వెళ్లదు, జారుడు ఉండదు. పాత క్షయతో పొరలు అతుక్కుపోయినవాళ్లకూ ఉండదు. ఎంఫిసీమాలో పెద్ద గాలి సంచులు ఉన్నవాళ్లు కూడా మోసం చేస్తారు. వీళ్లను పొరబడి ఛాతీలోకి గొట్టం గుచ్చకుండా ఉండడానికి రెండు ఆధారాలు. ఆ చోట ఒక్క బి గీత కనబడ్డా, గుండె కొట్టుకున్నప్పుడల్లా ప్లూరా గీత అదురుతున్నా, పొరలు అంటుకునే ఉన్నట్టు లెక్క. రెండూ లేకపోతే ప్రోబును మెల్లగా పక్కకు జరుపుతూ ఓ చోటు వెతుకుతారు. అక్కడ ఊపిరి పీల్చినప్పుడు జారుడు మెరుస్తుంది, వదిలినప్పుడు మాయమవుతుంది. గాలి అంచుకు ఊపిరితిత్తి తాకే స్థలం అది. 2000లో లిష్టెన్‌స్టైన్ రాసిన లంగ్ పాయింట్ ఇదే. ఇది దొరికితే గాలి చేరినట్టే. ఊపిరితిత్తి పూర్తిగా ముడుచుకుపోతే మాత్రం ఇది ఎక్కడా దొరకదు. రోగి బీపీ పడిపోయి కొట్టుమిట్టాడుతుంటే దాని కోసం వెతుకుతూ కూర్చోవడం వైద్యం కాదు.

2008లో ఈ ముక్కలన్నీ కలిపి లిష్టెన్‌స్టైన్, గిల్బర్ మెజియేర్ ఓ క్రమం ప్రచురించారు. తీవ్రమైన ఆయాసంతో వచ్చిన 260 మందిలో ఆ క్రమం చెప్పిన జవాబు 90.5 శాతం మందిలో చివరి నిర్ధారణతో సరిపోయింది. మిగిలినవారిని ఆ వ్యాసం దాచలేదు. ఊపిరితిత్తులు శుభ్రంగా, ‘ఏ’ గీతలతో కనబడి ఆయాసం ఉన్నవాళ్లను ఆస్తమా అని వదిలేయకుండా కాళ్ల సిరల్లో రక్తపు గడ్డ కోసం చూడమంది. ఊపిరితిత్తి మధ్యలో, చుట్టూ గాలి ఉన్న చోట పెరిగే కణితిని ఈ యంత్రం ఎప్పటికీ చూడలేదు. ఇంకో చిక్కు యంత్రానిదే. బొమ్మను అందంగా నున్నబరిచే కొత్త సదుపాయాలు బి గీతలనూ జారుడునూ కూడా తుడిచేస్తాయి. వాటిని ఆపేస్తేనే పాత మొరటు యంత్రం చూపించినంత కనబడుతుంది.

మన దగ్గర మరో అడ్డంకి ఉంది, అది వైద్యానిది కాదు. ప్రతి స్కానింగ్ సెంటర్ గోడ మీదా కనబడే లింగ నిర్ధారణ నిషేధ బోర్డు వెనకనున్న 1994 చట్టం కింద, ఛాతీకి మాత్రమే వాడినా సరే, ఏ అల్ట్రాసౌండ్ యంత్రమైనా రిజిస్టరు కావాల్సిందే. జేబులో పట్టే యంత్రానికీ అదే వర్తిస్తుంది. ఆడపిల్లల లెక్క చూస్తే ఆ చట్టం ఎందుకొచ్చిందో అడగనక్కర్లేదు. కానీ ఐసీయూ నుంచి క్యాజువాలిటీకి యంత్రాన్ని జరపాలన్నా డాక్టర్లు కాగితాలు చూసుకోవాల్సి వస్తోంది.

పెద్దమ్మకు నెబ్యులైజర్ కాదు, ఫ్యూరోసెమైడ్ పడింది. నాలుగు గంటల తర్వాత అదే సందుల్లో మళ్లీ చూస్తే చారలు ఒకటి రెండుకు తగ్గాయి, కొన్ని చోట్ల ‘ఏ’ గీతలు తిరిగొచ్చాయి. మచ్చల జబ్బయితే ఇలా తగ్గేవి కావు. కుడి పక్క నల్ల పట్టీ మాత్రం మర్నాడూ ఉంది. లోపలి నీరు గంటల్లో తగ్గినా, పొరల మధ్యది ఇంకడానికి రోజులు పడుతుంది.