ట్రయల్ బ్యాలెన్స్ కుదరనప్పుడు: తేడాను పట్టే పద్ధతి నడిచిన దారి

1494లో వెనిస్‌లో అచ్చయిన లూకా పాచోలీ గణిత గ్రంథం ‘సుమ్మా’లో ఒక భాగం వ్యాపారుల పద్దుల గురించే ఉంటుంది. రెండువైపుల నమోదు ఆయన కనిపెట్టింది కాదు. 1340 నాటి జెనోవా నగర ఖాతాల్లోనే అది కనిపిస్తుంది. అయితే లెడ్జర్ మూసేటప్పుడు ఏం చేయాలో పాచోలీ వివరంగా రాశాడు. డెబిట్ మొత్తాలన్నీ ఒక కాగితంపై ఎడమవైపు, క్రెడిట్ మొత్తాలన్నీ కుడివైపు రాసి కూడాలి. రెండూ సమానం కాకపోతే లెడ్జర్‌లో తప్పుందన్నమాట. ఆ తప్పును దేవుడిచ్చిన తెలివితో ఓపిగ్గా వెతకమన్నాడు.

ఎలా వెతకాలన్నది కూడా ఆయన దగ్గర ఉంది. లెడ్జర్ యజమాని చేతిలో, చిట్టా సహాయకుడి చేతిలో ఉంటాయి. సహాయకుడు మొదటి పద్దు నుంచి చదువుతూ పోతే యజమాని దాని డెబిట్‌ను, క్రెడిట్‌ను లెడ్జర్‌లో చూసి చుక్క పెడతాడు. చివరికి చుక్క పడకుండా మిగిలినదే అనుమానించాల్సిన పద్దు. మన గుమాస్తాలు ఒకరు చదువుతుంటే ఇంకొకరు టిక్కు పెట్టేది ఈ పద్ధతిలోనే. ఇది నమ్మకమైనదే కానీ, మొత్తం పుస్తకాన్ని మళ్లీ చదవాలి. తేడా ఎంత అన్న అంకె ఈ వెతుకులాటలో ఏ పనికీ రాదు. తర్వాతి శతాబ్దాల్లో వచ్చిన అసలు మార్పు ఇక్కడే ఉంది: తప్పు ఏ పుస్తకంలో ఉందో ముందే తేల్చుకోవడం, తేడా అంకెనే ఆధారం చేసుకోవడం.

1796లో బ్రిస్టల్‌కు చెందిన ఎడ్వర్డ్ థామస్ జోన్స్ తన ‘ఇంగ్లిష్ పద్ధతి’ని ప్రకటించి, ఎంత చిన్న తప్పైనా అందులో దాగదని చెప్పుకున్నాడు. ఆ మాట నిలబడలేదు, ఆ పద్ధతీ వాడుకలో నిలవలేదు. అయినా అందులో ఒక మంచి ఆలోచన ఉంది: చిట్టాలోనే డెబిట్, క్రెడిట్ గడులు పెట్టి కూడితే, ఆ మొత్తాలతో లెడ్జర్ మొత్తాలను పోల్చవచ్చు. 19వ శతాబ్దంలో వ్యాపారాలు పెరిగి లెడ్జర్‌ను కొనుగోలుదారులకు ఒకటి, సరుకిచ్చినవారికి ఒకటి అని విడగొట్టాక, ఒక్కో లెడ్జర్‌కు ఒక్కో మొత్తం ఖాతా పెట్టడం ఇంగ్లండ్‌లో అలవాటైంది. ఇదే కంట్రోల్ ఖాతా. జోన్స్‌కు చరిత్ర పుస్తకాల్లో ఎగతాళే ఎక్కువ దక్కింది, అది న్యాయం కాదని నా అభిప్రాయం.

రెండో ఆధారం ఇంకా పాతది. తొమ్మిదులు తీసేసి లెక్క సరిచూసే విధానం రెండవ ఆర్యభటుడి ‘మహాసిద్ధాంతం’లో ఉంది, పాచోలీ కూడా చర్చించాడు. పక్కపక్క అంకెలు తారుమారైతే వచ్చే తేడా ఎప్పుడూ తొమ్మిదితో భాగించబడుతుంది. 82ను 28గా రాస్తే తేడా 54, అంటే ఆరు తొమ్మిదులు. ఎనిమిదికీ రెండుకీ మధ్య వ్యత్యాసం కూడా ఆరే. కాబట్టి తేడాను తొమ్మిదితో భాగిస్తే, తారుమారైన అంకెల మధ్య దూరం ఎంతో, అవి ఏ స్థానాల్లో ఉన్నాయో కూడా తెలుస్తుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. ఇనుప సామాన్ల టోకు దుకాణం, నెలాఖరు. డెబిట్ మొత్తం 4,86,170, క్రెడిట్ మొత్తం 4,85,630. క్రెడిట్ 540 తక్కువ. మొదట రెండు వరసల్నీ కిందినుంచి పైకి మళ్లీ కూడాలి. నగదు పుస్తకం విడిగా ఉంటుంది కనుక నగదు, బ్యాంకు నిల్వలు ట్రయల్ బ్యాలెన్స్‌లోకి వచ్చాయో లేదో చూడాలి. 540 నిల్వ ఉన్న ఖాతా ఏదైనా జారిపోయిందా? 270 నిల్వ ఒకటి తప్పు వైపు పడిందా? తప్పు వైపు పడిన మొత్తం ఒకపక్క తగ్గి మరోపక్క పెరుగుతుంది, తేడా రెట్టింపవుతుంది. సగం చూడటం అందుకే. ఇక్కడ ఇవేవీ దొరకలేదనుకుందాం.

ఇప్పుడు కంట్రోల్ ఖాతాల వంతు. కొనుగోలుదారుల లెడ్జర్ దాని మొత్తం ఖాతాతో సరిపోయింది. సరుకిచ్చినవారి వైపు ప్రారంభ నిల్వ 98,400, నెల కొనుగోళ్లు 62,310, చెల్లింపులు 47,450. అంటే నిల్వ 1,13,260 ఉండాలి. ఒక్కొక్కరి నిల్వలు కూడితే 1,12,720 వచ్చింది. తేడా సరిగ్గా 540. మిగతా పుస్తకాలు పక్కన పెట్టేయవచ్చు.

ఈ లెడ్జర్‌ను కూడా మొదటినుంచీ చదవనక్కర్లేదు. 540ను తొమ్మిదితో భాగిస్తే 60. అంటే వందల, పదుల స్థానాల్లోని అంకెలు తారుమారై ఉండవచ్చు, వాటి మధ్య దూరం ఆరు. క్రెడిట్ తక్కువగా పడింది కనుక పెద్ద అంకె వందల నుంచి పదులకు జారి ఉండాలి. కాబట్టి లెడ్జర్‌లో ఆ రెండు స్థానాల్లో 06, 17, 28, 39 ఉన్న క్రెడిట్ పద్దుల్ని ముందు చూడాలి. ఇంకో దారి కూడా ఉంది: 600 బదులు 60 పడినా తేడా 540 వస్తుంది. క్రెడిట్‌కు వెళ్లాల్సిన 270 పద్దు డెబిట్‌కు పోయిందా అన్నది మూడోది. ఈ నెల 270 పద్దు లేదు, 600 పద్దు సరిగ్గానే ఉంది. 1,280గా పడిన ఒక కొనుగోలును కొనుగోలు పుస్తకంలో చూస్తే 1,820. సరిదిద్దితే వరసలు కుదిరాయి.

అన్ని తేడాలూ ఇంత విధేయంగా ఉండవు. వరసగా వచ్చే సంఖ్యల్లో తొమ్మిదికొకటి ఎలాగూ తొమ్మిదితో భాగించబడుతుంది కాబట్టి అది అనుమానమే, రుజువు కాదు. 500 తప్పు ఒకటి, 40 తప్పు ఇంకొకటి కలిసినా 540 వస్తుంది. అప్పుడు తొమ్మిది సూత్రం పక్కదారి పట్టిస్తుంది. ఒక్కో కంట్రోల్ ఖాతా తేడాను విడిగా రాసుకుంటే రెండు తప్పులున్న సంగతి బయటపడుతుంది. రెండూ ఒకే లెడ్జర్‌లో ఉంటే పాచోలీ చుక్కలే గతి. గడువు దగ్గరపడితే తేడాను సస్పెన్స్ ఖాతాలో వేసి పుస్తకం మూసేవాళ్లున్నారు. అది తాత్కాలికం కావాలి. అక్కడ చిన్న మొత్తం కనిపించిందని తప్పు కూడా చిన్నదే అనుకోకూడదు, రెండు పెద్ద తప్పులు ఒకదాన్నొకటి చాలావరకు కొట్టేసి ఉండవచ్చు.

బ్యాంకు గుమాస్తాగా పనిచేసిన అమెరికన్ విలియం బరోస్‌కు 1888లో కూడిక యంత్రం పేటెంట్ దక్కాక, కూడిక తప్పులు తగ్గాయి. యంత్రం చుట్టిచ్చే కాగితం చూసి ఏ అంకె నొక్కారో సరిచూడవచ్చు. 82 బదులు 28 నొక్కితే మాత్రం యంత్రం దాన్నే నమ్మకంగా కూడుతుంది. ఆ తర్వాత వచ్చిన కంప్యూటర్ ప్రోగ్రాములు కుదరని వోచర్‌ను లోపలికే రానివ్వవు. మన ఊళ్లలో వాడే ట్యాలీలో కూడా అంతే. అయితే పాత పుస్తకాలనుంచి ప్రారంభ నిల్వలు ఎక్కించేటప్పుడు ఆ కాపలా ఉండదు. ఒక్కో ఖాతా నిల్వను విడివిడిగా కొడతాం కనుక, ట్రయల్ బ్యాలెన్స్ అడుగున `Difference in Opening Balances` అన్న వరస వచ్చి కూర్చుంటుంది.

అక్కడ చేయాల్సింది మళ్లీ ఆ పాత పనే. వరసలో 36,000 కనిపిస్తే ముందు 36,000 నిల్వ ఎక్కని ఖాతా కోసం చూడాలి. తర్వాత 18,000 ఉన్న ఖాతాలు చూడాలి. సరుకిచ్చినవారి నిల్వకు Cr బదులు Dr పెట్టడం చాలా తరచు జరిగే తప్పు. 36,000 తొమ్మిదితో కూడా భాగించబడుతుంది, భాగఫలం 4,000. కనుక 40,000 బదులు 4,000 కొట్టారేమో, వేల, పదివేల స్థానాల్లో నాలుగు దూరమున్న అంకెలు తారుమారయ్యాయేమో కూడా చూడాలి. పాత పుస్తకం పక్కన పెట్టుకుని ఈ నాలుగైదు చోట్లు చూశాకే, మొత్తం జాబితాకు టిక్కులు పెట్టడం మొదలుపెట్టాలి.