పుట్-కాల్ ప్యారిటీ

ఒకే షేరుపై, ఒకే స్ట్రైక్ ధర, ఒకే గడువు ఉన్న యూరోపియన్ తరహా కాల్, పుట్ ఆప్షన్ల ధరలను కలిపే సూత్రం ఇది. హాన్స్ స్టోల్ 1969లో దీన్ని పరిశోధన వ్యాసంగా ప్రచురించారు. డివిడెండ్ లేనప్పుడు:

C − P = S − PV(K)

C కాల్ ధర, P పుట్ ధర, S షేరు ధర. PV(K) అంటే స్ట్రైక్ మొత్తానికి నేటి విలువ.

షేరు ధర, స్ట్రైక్ రెండూ రూ.1,000, స్ట్రైక్ నేటి విలువ రూ.980 అనుకుందాం. కాల్ రూ.60 ఉంటే పుట్ రూ.40 ఉండాలి. అది రూ.32కే దొరికితే, రూ.980 అప్పు తెచ్చి షేరు, పుట్ కొన్నవారి చేతిలో రూ.52కే కృత్రిమ కాల్ తయారవుతుంది. అసలు కాల్‌ను రూ.60కి అమ్మితే రూ.8 వెంటనే మిగులుతుంది. గడువు రోజున షేరు పెరిగినా తగ్గినా అది రూ.1,000కే చేతులు మారుతుంది. ఆ సొమ్ముతో అప్పు తీరిపోతుంది.

అయితే తెరపై కనిపించే తేడా అంతా లాభం కాదు. చివరి ట్రేడు ధర పాతదై ఉండొచ్చు, గడువులోపు డివిడెండ్ రావచ్చు. అందుకే అమ్మేదానికి బిడ్, కొనేదానికి ఆస్క్ ధరలు తీసుకుని, బ్రోకరేజీ, పన్నులు పోగా మిగిలితేనే ఆ ఆప్షన్ ధర తప్పినట్టు లెక్క.