గంట కూలి రూ.75.. అసలు ఖర్చు రూ.98
చిన్న పరిశ్రమలో తలసరి జీతభారం హాజరు పట్టీతోనే తేలుతుంది

విజయవాడ: పని ఒప్పుకునే ముందు చిన్న పరిశ్రమ యజమాని వేసుకునే తొలి లెక్క కూలి ఖర్చు. నెల జీతాన్ని 26 రోజులతో, వచ్చిన దాన్ని 8 గంటలతో భాగించి గంట ధర కట్టడం చాలాచోట్ల వాడుకలో ఉంది. ఈ పద్ధతిలో రెండు లోపాలున్నాయి. జీతం కాక యజమాని చట్టప్రకారం చెల్లించాల్సిన వాటాలు ఇందులో కనిపించవు. జీతం ఇచ్చినా పని జరగని గంటలూ కనిపించవు. ఫలితంగా ధర తక్కువకు ఒప్పుకొని, ఏడాది చివర బోనస్ ఇచ్చే వేళకు నష్టాన్ని గుర్తించే పరిస్థితి ఏర్పడుతోంది. ఒక్కో కార్మికునిపై నిజంగా ఎంత ఖర్చవుతుందో తెలియాలంటే జీతాల పుస్తకంతో పాటు హాజరు పట్టీని కూడా ముందుంచుకోవాలి.

ఆటోనగర్ వంటి పారిశ్రామికవాడలో 24 మంది పనిచేసే ఇంజినీరింగ్ యూనిట్‌ను ఉదాహరణగా తీసుకుందాం. పదిమంది దాటినందున ఈఎస్ఐ, ఇరవై మంది దాటినందున భవిష్యనిధి(పీఎఫ్) రెండూ వర్తిస్తాయి. లెక్కకు ఎంచుకున్న నెల 2025 ఏప్రిల్. ఆ నెలలో నాలుగు ఆదివారాలు పోగా పనిదినాలు 26. కొత్త కార్మిక కోడ్‌లు అమలులోకి రాకముందు నెల కాబట్టి ఇక్కడి అంకెలన్నీ అప్పటి చట్టాల ప్రకారం ఉన్నవే. తరువాత వచ్చిన మార్పులు చివర చూడవచ్చు.

హాజరు పట్టీ ఏం చెబుతోంది?

ఫిట్టరుగా పనిచేసే ఒక కార్మికునికి మూలవేతనం, కరవు భత్యం కలిపి రూ.13,000, ఇంటి అద్దె భత్యం రూ.2,600. మొత్తం రూ.15,600. అంటే రోజుకు రూ.600, గంటకు రూ.75. హాజరు పట్టీ ప్రకారం అతడు ఆ నెలలో 25 రోజులు పనికి వచ్చాడు. ఒకరోజు జీతంతో కూడిన సెలవు వాడుకున్నాడు. పది రోజులు రెండేసి గంటల చొప్పున అదనంగా పనిచేశాడు. మామూలు పని 200 గంటలు, ఓవర్‌టైమ్ 20 గంటలు.

ఓవర్‌టైమ్‌కు అప్పటి ఫ్యాక్టరీల చట్టం రెట్టింపు వేతనం నిర్దేశించింది. ఈ రెట్టింపును మూలవేతనంపై మాత్రమే లెక్కగడితే పొరపాటు. కార్మికునికి హక్కుగా వచ్చే భత్యాలు కూడా కలుపుకోవాలని చట్టంలో ఉంది. కనుక గంటకు రూ.75కు రెట్టింపు రూ.150, 20 గంటలకు రూ.3,000. ఆ నెల అతనికి రావాల్సిన మొత్తం వేతనం రూ.18,600.

యజమాని వాటాలు

పీఎఫ్‌కు మూలవేతనం, కరవు భత్యమే ఆధారం. ఇంటి అద్దె భత్యం, ఓవర్‌టైమ్ అందులోకి రావు. రూ.13,000పై యజమాని వాటా 12 శాతం, అంటే రూ.1,560. ఇందులో రూ.1,083 పింఛను పథకానికి, మిగిలినది కార్మికుని పీఎఫ్ ఖాతాకు వెళుతుంది. దీనికి తోడు బీమా పథకానికి అర శాతం, నిర్వహణ రుసుము కింద మరో అర శాతం చెల్లించాలి. ఇవి ఒక్కొక్కటి రూ.65. అన్నీ కలిపి రూ.1,690.

ఈఎస్ఐ లెక్క వేరు. యజమాని వాటా 3.25 శాతం. దీన్ని ఓవర్‌టైమ్‌తో కలిపి రూ.18,600పై కట్టాలి. రూపాయికి సవరిస్తే రూ.605. ఈఎస్ఐ పరిధికి నెల వేతన పరిమితి రూ.21,000. ఆ పరిమితి చూసేటప్పుడు మాత్రం ఓవర్‌టైమ్‌ను కలపకూడదు. రూ.20,000 జీతగాడు ఓవర్‌టైమ్‌తో రూ.23,000 తీసుకున్నా ఈఎస్ఐ నుంచి బయటకు పోడు. పైగా రూ.23,000పై చందా కట్టాలి. గుమస్తాలు ఎక్కువగా తడబడేది ఇక్కడే.

మిగిలిన రెండు ఖర్చులు నెలనెలా చేతి నుంచి పోవు గనుక సులువుగా మరుగున పడతాయి. బోనస్ కనీసం 8.33 శాతం. ఈ కార్మికుని మూలవేతనం, కరవు భత్యం కలిపి కనీస వేతనానికి సమానమనుకుంటే నెలకు రూ.1,083 పక్కన పెట్టాలి. గ్రాట్యుటీకి ఏడాది సర్వీసుకు 15 రోజుల వేతనం. రూ.13,000ను 26తో భాగించి 15తో గుణిస్తే రూ.7,500. నెలకు రూ.625.

మొత్తం లెక్క ఇలా తేలుతుంది:

- నెల వేతనం: రూ.15,600
- ఓవర్‌టైమ్: రూ.3,000
- పీఎఫ్, బీమా, నిర్వహణ రుసుము: రూ.1,690
- ఈఎస్ఐ: రూ.605
- బోనస్ కేటాయింపు: రూ.1,083
- గ్రాట్యుటీ కేటాయింపు: రూ.625
- యజమానికయ్యే మొత్తం ఖర్చు: రూ.22,603

కార్మికుని వాటా పీఎఫ్ రూ.1,560, ఈఎస్ఐ రూ.140, వృత్తిపన్ను రూ.150 అతని వేతనం నుంచే కోతపడతాయి. కనుక వాటిని యజమాని ఖర్చులో మళ్లీ కలపకూడదు. కోతలు పోను కార్మికుని చేతికి వచ్చేది రూ.16,750. ఒకే నెల, ఒకే పని. ఒకరికి రూ.22,603 ఖర్చు, మరొకరికి రూ.16,750 రాబడి. జీతం పెంపు మాటలప్పుడు ఇరుపక్షాలు వేర్వేరు అంకెలు పట్టుకుని వాదించడానికి కారణం ఈ తేడాయే. వేతన చీటీలో రెండూ చూపితే ఆ వాదన చాలావరకు తగ్గుతుంది.

ఓవర్‌టైమా? కొత్త మనిషా?

ఓవర్‌టైమ్ లేకుంటే అదే కార్మికునిపై ఖర్చు రూ.19,505 అయ్యేది. ఈఎస్ఐ రూ.507కు తగ్గుతుంది, మిగిలినవి మారవు. అతడు పనిచేసింది 200 గంటలు గనుక మామూలు గంట ఖరీదు సుమారు రూ.98. ధర కట్టేటప్పుడు వాడాల్సిన అంకె ఇది, రూ.75 కాదు. జీతం లేని గైర్హాజరీతో ఈ అంక పెద్దగా మారదు. ఎందుకంటే వేతనంతో పాటు వాటాలూ తగ్గుతాయి. జీతంతో కూడిన సెలవు, పండుగ సెలవు మాత్రం గంట ఖరీదును పెంచుతాయి. సెలవు జీతం నెల వేతనంలోనే ఉంది కాబట్టి దాన్ని విడిగా ఖర్చులో కలపనక్కరలేదు. గంటల నుంచి తీసివేస్తే చాలు.

ఓవర్‌టైమ్ గంటకు ఖర్చు రూ.150, దానిపై ఈఎస్ఐ కలిపి దాదాపు రూ.155. పీఎఫ్, బోనస్, గ్రాట్యుటీ దానిపై పడవు. అందువల్ల రెట్టింపు వేతనమిచ్చినా ఓవర్‌టైమ్ గంట మామూలు గంటకు రెట్టింపు కాదు, ఒకటిన్నర రెట్లకు కాస్త ఎక్కువ.

కొత్త మనిషిని తీసుకోవాలా వద్దా అన్నది దీనితో తేలుతుంది. ఒక కార్మికుని నెల ఖర్చు రూ.19,505ను రూ.155తో భాగిస్తే సుమారు 126 గంటలు. యూనిట్ మొత్తంలో ఒకే రకం పనిపై నెలనెలా ఓవర్‌టైమ్ 126 గంటలకు మించుతుంటే కొత్త మనిషే చవక. నెలకు 190 గంటలు నడుస్తుంటే దానికి రూ.29,400కు పైగా పోతోంది. ఒక ఫిట్టరును తీసుకుంటే సుమారు రూ.9,900 మిగులుతుంది. అరవై గంటలే అయితే ఓవర్‌టైమే మేలు. ఒకటి రెండు నెలల రద్దీని చూసి నిర్ణయించరాదు. కనీసం ఆరు నెలల హాజరు పట్టీలను పక్కపక్కన పెట్టి చూడాలి. తొమ్మిది మంది ఉన్నచోట పదో మనిషి, పంతొమ్మిది మంది ఉన్నచోట ఇరవయ్యో మనిషి చేరితే లెక్క మారిపోతుంది. ఆ ఒక్కరితో ఈఎస్ఐ లేదా పీఎఫ్ అందరికీ వర్తిస్తుంది.

పట్టీలో తప్పులు పట్టుకునేదెలా?

పై అంకెలన్నీ హాజరు పట్టీ సరిగా ఉన్నంతవరకే నిలుస్తాయి. మొదటి తప్పు భోజన విరామం. ఉదయం 9 నుంచి సాయంత్రం 5.30 వరకు ఉంటే అరగంట విరామం పోను 8 గంటలు. విరామాన్ని తీసివేయకపోతే ఒక్కొక్కరికి రోజూ అరగంట ఓవర్‌టైమ్ పుట్టుకొస్తుంది. 24 మందికి 25 రోజుల్లో అది 300 గంటలు. అందరికీ ఒకే అంకె ఓవర్‌టైమ్ కనిపిస్తే ముందు అనుమానించాల్సింది దీన్నే.

రెండోది రాత్రి షిఫ్టు. రాత్రి 10కి వచ్చి ఉదయం 6.30కి వెళ్లిన మనిషిని వేలిముద్ర యంత్రం రెండు తేదీలకు పంచుతుంది. మొదటి తేదీన వెళ్లిన సమయం, రెండో తేదీన వచ్చిన సమయం ఖాళీగా కనిపిస్తాయి. పట్టీలో జంటగా ఇలాంటి ఖాళీలుంటే గైర్హాజరీగా రాయకముందే షిఫ్టు జాబితాతో సరిచూడాలి.

మూడోది వారపు లెక్క. ఫ్యాక్టరీల చట్టం 2025 ఏప్రిల్‌లో రోజుకు 9 గంటలు లేదా వారానికి 48 గంటలు దాటిన పనినే ఓవర్‌టైమ్‌గా గుర్తించింది. ఆరు రోజులూ వచ్చినవారికి 48 గంటలు నిండుతాయి గనుక అదనపు ప్రతి గంటకూ రెట్టింపు ఇవ్వాలి. వారంలో ఒకరోజు రాని మరో కార్మికుడు రెండు రోజులు ఒక్కో గంట ఎక్కువ పనిచేశాడనుకుందాం. అతని వారం 42 గంటలే, రోజు 9 గంటలు దాటలేదు. చట్టప్రకారం ఆ రెండు గంటలకు మామూలు వేతనమే తప్పనిసరి. నెల మొత్తాన్ని ఒకే కూడికగా వేస్తే ఈ తేడా తెలియదు. పట్టీని వారాలవారీగా కూడాలి.

కొత్త కోడ్‌లతో మార్పు

నాలుగు కార్మిక కోడ్‌లు 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చాయి. రెట్టింపు ఓవర్‌టైమ్ కొనసాగింది. పని పరిమితి రోజుకు 8 గంటలని కోడ్ చెబుతోంది. కనుక తరువాతి నెలల పట్టీలకు పై 9 గంటల లెక్కను యథాతథంగా వాడరాదు. వేతనానికి నిర్వచనం కూడా మారింది. ఇంటి అద్దె, ఓవర్‌టైమ్ వంటి మినహాయింపులన్నీ కలిపి మొత్తం చెల్లింపులో సగం దాటితే, దాటిన మేరకు వేతనంగానే పరిగణించాలి. పై ఫిట్టరుకు ఈ రెండూ కలిపి రూ.5,600. రూ.18,600లో సగానికి చాలా తక్కువ. మూలవేతనాన్ని తగ్గించి భత్యాలు పెంచి చూపిన యూనిట్లలో మాత్రం గ్రాట్యుటీ వంటి ఖర్చులు పెరుగుతాయి. అలాంటిచోట ఓవర్‌టైమ్ ఎక్కువైన నెలలను విడిగా చూడాలి. ఓవర్‌టైమ్‌పై ఈఎస్ఐ చందా లెక్కను కూడా కొత్త నిర్వచనంతో సరిచూసుకున్న తరువాతే ఆ నెల తలసరి ఖర్చును ఖరారు చేయాలి.