స్టూడెంట్ అట్టముక్కలు

సగటు చుట్టూ హద్దులు గీయాలంటే ఒకప్పుడు పద్ధతి సులువు. నమూనా క్రమవిచలనాన్నే జనాభా క్రమవిచలనం అనుకుని, దాన్ని నమూనా సంఖ్య వర్గమూలంతో భాగించి, సాధారణ విభాజనం ఇచ్చే గుణకంతో గుణించేవారు; 95 శాతం హద్దులకైతే అది 1.96. వందల కొలతలున్నప్పుడు ఇబ్బంది లేదు. డబ్లిన్‌లోని గిన్నెస్ బీరు కంపెనీలో పనిచేసే విలియం సీలీ గాసెట్‌కు మాత్రం చేతిలో ఉండేవి నాలుగో, పదో ప్రయోగాలు. అంత చిన్న నమూనాలో సగటుతో పాటు క్రమవిచలనం కూడా తప్పుతుంది. చాలాసార్లు అసలుకంటే తక్కువే చూపుతుంది.

ఎంత తప్పుతుందో చూద్దామని ఆయన 3000 మంది ఖైదీల ఎత్తులు, ఎడమచేతి మధ్యవేలి పొడవులు అట్టముక్కల మీద రాసి, బాగా కలిపి, నాలుగేసి చొప్పున 750 నమూనాలు తీశాడు. ఈ తప్పును కూడా లెక్కలోకి తీసుకుని ఆయన గణితంతో రాబట్టిన వక్రరేఖ, ఆ నమూనాలు చూపినది దగ్గరగా సరిపోయాయి. ఈ పని 1908లో ‘బయోమెట్రికా’ పత్రికలో ‘స్టూడెంట్’ అనే మారుపేరుతో అచ్చయింది. నిజానికి 1876లోనే జర్మనీలో లూరోత్ ఇలాంటి వక్రరేఖనే రాబట్టాడు గానీ, ఎవరూ పట్టించుకోలేదు.

గాసెట్ అప్పుడు రాసింది z. దాన్ని ఇవాళ్టి t గా మార్చి, n−1 అనే ‘డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్’తో ముడిపెట్టి పట్టికలకెక్కించినవాడు ఫిషర్, 1925 నాటికి. హద్దులకు ‘విశ్వాస అంతరం’ అన్న అర్థం 1930లలో నేమన్ ఇచ్చాడు: 95 శాతం అనేది పద్ధతి గురించిన మాట. ఇదే తీరులో మళ్లీ మళ్లీ హద్దులు గీస్తే వందకు సుమారు 95 సార్లు అసలు సగటు లోపల పడుతుంది. చేతిలో ఉన్న ఒక్క అంతరం గురించి ఆ మాట అనకూడదు. చాలా పాఠాలు ఇప్పటికీ ఇక్కడే జారిపోతాయి.

గాసెట్ వాడిన లెక్కనే తీసుకుందాం. పదిమంది రోగుల్లో రెండు నిద్రమందుల మధ్య తేడా, గంటల్లో:

1.2, 2.4, 1.3, 1.3, 0, 1.0, 1.8, 0.8, 4.6, 1.4

సగటు 1.58, క్రమవిచలనం 1.23. దాన్ని √10తో భాగిస్తే 0.39. తొమ్మిది డిగ్రీలకు పట్టిక ఇచ్చే t విలువ 2.262. రెంటినీ గుణిస్తే 0.88. అంటే అంతరం 0.70 నుంచి 2.46 దాకా. పాత 1.96తో అయితే 0.82 నుంచి 2.34 వచ్చేది, లేని ధీమాతో. నమూనా నాలుగే అయితే మోసం ఇంకా పెద్దది: అక్కడ కావలసింది 3.182. 1.96తో సరిపెట్టుకుంటే వందకు అయిదు కాదు, పద్నాలుగుసార్లకు పైగా గురి తప్పుతుంది.

అయితే t కూడా కొలతలు సాధారణ విభాజనం నుంచి, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా వచ్చాయని నమ్ముకుంటుంది. ఆ 4.6 చూడండి. దాన్ని తీసేస్తే సగటు 1.24కు దిగుతుంది, అంతరం 0.74 నుంచి 1.75కు కుదించుకుపోతుంది. ఒక్క రోగి నిద్ర పై హద్దును 0.7 గంట లాగేసింది. అలాగని నచ్చని అంకెను కొట్టేయడం ఎంతమాత్రం తగదు. పట్టిక తెరిచేముందు మీ అంకెల్ని ఒక గీత మీద చుక్కలుగా పెట్టి చూడండి; దూరంగా ఏదైనా నిలబడితే ఆ కొలత ఎలా వచ్చిందో ముందు కనుక్కోండి.