ఎండ రాగానే మాయమయ్యే లోపం: వానకు తడిసిన డ్రాప్ వైరు, మందగించే బ్రాడ్‌బ్యాండ్

వాన పడిన రాత్రి ఇంటర్నెట్ మందగించడం, పదే పదే తెగిపోవడం, మరునాడు ఎండ కాశాక దానంతటదే కుదుటపడటం రాగి తీగల బ్రాడ్‌బ్యాండ్ వినియోగదారులకు అనుభవమే. ఫిర్యాదు అందుకున్న లైన్‌మన్ వచ్చే సమయానికి తీగ ఆరిపోయి ఉంటుంది. పరీక్షలో లోపం కనిపించదు. ఫిర్యాదు ముగిసినట్లు నమోదవుతుంది. తరువాతి వానకు కథ మళ్లీ మొదటికి వస్తుంది. ఈ లోపం ఎక్కువగా ఇంటి బయటే, స్తంభానికీ గోడకూ మధ్య వేలాడే కొద్ది మీటర్ల తీగలోనే ఉంటుంది. తడిగా ఉన్నప్పుడు అది విడిచే ఆనవాళ్లను నమోదు చేసుకుంటే తప్ప దానిని పట్టుకోవడం కష్టం.

లైను ఎలా వస్తుంది

టెలిఫోన్ ఎక్స్ఛేంజి నుంచి బయలుదేరే రాగి తీగల జత ముందుగా భూగర్భ కేబుల్‌లో ప్రయాణిస్తుంది. వీధిలోని క్యాబినెట్ దాటి, స్తంభంపైనో గోడపైనో ఉండే డీపీ బాక్సుకు చేరుతుంది. అక్కడి నుంచి ఇంటి వరకు గాలిలో వేలాడే తీగే డ్రాప్ వైరు. అది ఇంటి గోడపై రోజెట్ అనే చిన్న పెట్టెలో ముగుస్తుంది. అక్కడి నుంచి స్ప్లిటర్ ద్వారా ఒక తీగ ఫోనుకు, మరొకటి మోడెమ్‌కు వెళతాయి.

మొత్తం దారిలో ఎండకు, వానకు, గాలికి నేరుగా గురయ్యేది డ్రాప్ వైరే. ఎండకు దాని ప్లాస్టిక్ తొడుగు పెళుసుబారి సన్నని పగుళ్లు తీస్తుంది. చెట్టుకొమ్మకో, పిట్టగోడ అంచుకో రాసుకున్న చోట అరిగిపోతుంది. ఉడుతలు కొరికిన చోట రాగి బయటపడుతుంది. ఎప్పుడో తెగితే రెండు కొసలను మెలిపెట్టి, పైన టేపు చుట్టిన అతుకులు కూడా ఉంటాయి. కాలక్రమంలో టేపు జిగురు వదిలి నీటిని లోపలికి రానిస్తుంది. అయితే వచ్చిన నీటిని త్వరగా బయటకు పోనివ్వదు. పగులులో చేరిన తేమ తొడుగు లోపలే తీగ వెంట పాకి, దూరంగా మరో చోట బయటపడవచ్చు.

తేమ చేసే పని

మాట ప్రసారానికి సుమారు 3.4 కిలోహెర్ట్జ్ వరకు ఉన్న పౌనఃపున్యాలు చాలు. ఏడీఎస్‌ఎల్2+ బ్రాడ్‌బ్యాండ్ అదే జతపై 2.2 మెగాహెర్ట్జ్ వరకు ఉపయోగించుకుంటుంది. అందువల్ల ఫోనులో మాట బాగానే వినిపిస్తున్నా ఇంటర్నెట్ దెబ్బతినే అవకాశం ఉంది.

జతలోని రెండు తీగలపై సంకేతం పరస్పర విరుద్ధంగా ప్రయాణిస్తుంది. బయటి నుంచి వచ్చే రొద రెండింటిపైనా సమానంగా పడుతుంది కనుక, అందుకునే చోట అది రద్దవుతుంది. ఈ సమతుల్యతే లైనుకు రక్షణ. తేమ వల్ల ఒక తీగ నుంచి మాత్రమే భూమికి విద్యుత్తు జారితే ఆ రక్షణ పోతుంది. అప్పుడు తీగ యాంటెన్నాలా మారి పరిసరాల్లోని రొదను పట్టుకుంటుంది. దాదాపు 530 నుంచి 1,600 కిలోహెర్ట్జ్ వరకు ఉన్న మీడియం వేవ్ రేడియో ప్రసారాలు కూడా బ్రాడ్‌బ్యాండ్ వాడే పట్టీలోనే ఉన్నాయన్నది ఇక్కడ గమనార్హం.

తేమకు మరో నష్టం తోడవుతుంది. లైనుపై ఎల్లప్పుడూ దాదాపు 48 వోల్టుల ఏకముఖ విద్యుత్తు ఉంటుంది. తడిసిన అతుకు వద్ద ఆ విద్యుత్తు రాగిని నెమ్మదిగా కరిగిస్తూ ఆకుపచ్చని తుప్పుగా మారుస్తుంది. అందుకే తొలి ఏడాది వానలోనే ఇబ్బంది పెట్టిన అతుకు, తరువాతి ఏళ్లలో పొడి రోజుల్లోనూ సతాయించడం మొదలుపెడుతుంది.

వదులు అతుకు ఆనవాళ్లు వేరు

తేమ లోపం నెమ్మదిగా వచ్చి నెమ్మదిగా పోతుంది. వదులు అతుకు అలా కాదు. గాలికి తీగ ఊగినప్పుడల్లా రాగి కొసలు తాకుతూ విడుతూ ఉంటాయి కనుక కనెక్షన్ హఠాత్తుగా తెగుతుంది. ఫోను మోగినప్పుడు ఇంటర్నెట్ తెగడం దీనికి మరో గుర్తు. మోగించేందుకు ఎక్స్ఛేంజి పంపే విద్యుత్తు సుమారు 75 వోల్టులు ఉంటుంది. తుప్పు పొరపై అది పడగానే అతుకు నిరోధం ఒక్కసారిగా మారుతుంది. ఇంట్లోని స్ప్లిటర్ చెడినా ఇదే లక్షణం కనిపిస్తుంది కాబట్టి దానిని ముందుగా మార్చి చూడాలి.

మరొక విచిత్ర స్థితి కూడా ఉంది. జతలో ఒక తీగ పూర్తిగా తెగినా, అధిక పౌనఃపున్య సంకేతం ఆ చిన్న ఖాళీని కొంతవరకు దాటగలదు. అప్పుడు ఫోను మూగబోతుంది, ఇంటర్నెట్ మాత్రం అతి తక్కువ వేగంతో నడుస్తూనే ఉంటుంది. నెట్ వస్తోంది కదా, లైను తెగలేదనుకోవడం ఈ సందర్భంలో పొరపాటు.

ఒక ఉదాహరణ

ఎక్స్ఛేంజికి సుమారు రెండు కిలోమీటర్ల దూరంలో, సెకనుకు 8 మెగాబిట్ల కనెక్షన్ ఉన్న ఇంటిని ఉదాహరణగా తీసుకోవచ్చు. మోడెమ్ పేజీ (చాలా మోడెమ్‌లలో దాని చిరునామా 192.168.1.1) తెరిచి డీఎస్‌ఎల్ స్థితి చూస్తే, పొడి రోజున ఇలా ఉందనుకుందాం: Downstream Rate 8,192 kbps, SNR Margin 14 dB, Line Attenuation 28 dB. ఎస్‌ఎన్‌ఆర్ మార్జిన్ అంటే రొదను తట్టుకునేందుకు లైనుకు మిగిలిన వెసులుబాటు. సాధారణంగా కనెక్షన్ కుదుర్చుకునేటప్పుడు మోడెమ్ కనీసం 6 డెసిబెల్స్ మిగుల్చుకుంటుంది.

రాత్రి 8 గంటలకు వాన మొదలైంది. తొలి గంటలో మార్పేమీ లేదు. తొడుగు పగుళ్లలోకి నీరు చేరాక మార్జిన్ 9కి, తరువాత 5కు, చివరికి 2కు దిగింది. CRC Errors అనే లెక్క వేగంగా పెరిగింది. మార్జిన్ పూర్తిగా హరించుకుపోగానే లైను తెగింది. మోడెమ్ కొత్తగా పెరిగిన రొదకు తగ్గట్టు 3,100 kbps వద్ద, 6 డెసిబెల్స్ మార్జిన్‌తో తిరిగి కలిసింది.

మరునాటి మధ్యాహ్నానికి తీగ ఆరింది. కానీ వేగం మాత్రం పెరగలేదు. చాలా లైన్లలో మోడెమ్ కలిసేటప్పుడు కుదుర్చుకున్న వేగం తిరిగి కలిసే వరకు మారదు. అందువల్ల 3,100 వద్దే ఉండిపోయి, మార్జిన్ మాత్రం 20 దాటింది. ఇంటివారు మోడెమ్ ఆపి, మళ్లీ వేయగానే 8,192 తిరిగి వచ్చింది. దీంతో లోపం మోడెమ్‌దేనన్న అభిప్రాయం కలుగుతుంది. కొత్త మోడెమ్ కొన్నా తరువాతి వానకు ఇదే జరుగుతుంది. అసలు సమాచారం ఆ మార్జిన్ కదలికలో ఉంది. తడిలో 2, పొడిలో 14 అంటే లైను మీద పడే రొద మారుతోందని అర్థం.

ఇంట్లో చేయగల పరీక్ష

ముందుగా లోపం ఇంటి లోపలా, బయటా అన్నది తేల్చాలి. వాన కురుస్తూ నెట్ మందగించినప్పుడు, ఉరుములు మెరుపులు లేని సమయం చూసి, ఇంట్లోని ఇతర ఫోన్లు, పొడిగింపు తీగలు తీసివేయాలి. మోడెమ్‌ను నేరుగా రోజెట్‌కు కలపాలి. అప్పటికీ అంకెలు అలాగే ఉంటే లోపం బయట ఉన్నట్టే.

తరువాత తీగతో పనిచేసే మామూలు ఫోను కలిపి, డయల్ టోన్ ఆగేందుకు ఒక అంకె నొక్కి వినాలి. మంచి లైనులో నిశ్శబ్దం ఉంటుంది. చిటపటలాడే శబ్దం వస్తే అతుకుపై, ఎడతెగని గుంయ్‌మనే శబ్దం వస్తే సమతుల్యత తప్పిన తీగపై అనుమానం కలగాలి.

కాలక్రమాన్ని కూడా గమనించాలి. గాలికే తెగి, వాన ఆగకముందే కుదిరితే వదులు అతుకు కావచ్చు. వాన మొదలైన కొంతసేపటికి మొదలై, ఎండ వచ్చాక ఆగితే డ్రాప్ వైరులోనో డీపీ బాక్సులోనో తేమ ఉండవచ్చు. వాన ఆగి రోజులు గడిచినా తగ్గకపోతే భూగర్భ కేబుల్ అతుకులో నీరు చేరి ఉండవచ్చు. పొరుగిళ్లలోనూ ఇదే పరిస్థితి ఉంటే డీపీ బాక్సు, దాని వెనుక కేబుల్ వైపు చూడాలి. తడిలో ఒకటి, పొడిలో ఒకటి చొప్పున మోడెమ్ పేజీని తేదీ, సమయంతో ఫొటో తీసి ఉంచితే ఫిర్యాదుకు ఆధారం లభిస్తుంది.

స్తంభం ఎక్కడం, డీపీ బాక్సు తెరవడం వినియోగదారులు చేయవలసిన పని కాదు. అదే స్తంభంపై కరెంటు తీగలు ఉండవచ్చు.

లైన్‌మన్ చేయవలసినది

డీపీ వద్ద డ్రాప్ వైరును విడదీసి రెండు వైపులా కొలిస్తే లోపం ఎటు ఉందో తెలుస్తుంది. ఇంటివైపు పరీక్షించే ముందు రోజెట్ వద్ద మోడెమ్, ఫోను తీసివేయాలి. తీగల మధ్య, తీగకూ భూమికీ మధ్య ఇన్సులేషన్ నిరోధం మెగాఓమ్‌లలో ఉండాలి. తడిసిన తీగలో అది కొన్ని పదుల కిలోఓమ్‌లకు పడిపోతుంది. పై ఉదాహరణలోని తీగను మధ్యాహ్నం కొలిస్తే మెగాఓమ్‌లే చూపుతుంది. అందుకే పొడి రోజున మీటరును మాత్రమే నమ్మరాదు. తీగ వెంట కంటితో చూస్తూ, అరిగిన చోట్లు, టేపు చుట్టిన అతుకులు వెతకాలి. అనుమానం ఉన్న అతుకుపై నీరు చల్లి మళ్లీ కొలిస్తే లోపం బయటపడుతుంది.

మరమ్మతులో అతి ముఖ్యమైనది పాత అతుకుపై కొత్త టేపు చుట్టకపోవడం. డీపీ నుంచి రోజెట్ వరకు మధ్యలో అతుకు లేని ఒకే తీగ వేయాలి. అతుకు తప్పనిసరైతే మెరిసే రాగి కనిపించే వరకు తీగను కత్తిరించి, లోపల జెల్ నిండిన కనెక్టర్ వాడాలి. ఇంట్లోకి వెళ్లే ముందు తీగను కిందికి వంపుగా వదలాలి. అప్పుడు తీగ వెంట జారే నీరు ఆ వంపు వద్దే కిందికి కారిపోతుంది, రోజెట్‌లోకి చేరదు. డీపీ బాక్సు మూత సరిగా మూసుకునేలా చూడాలి.

ఈ వివరణ రాగి తీగల లైన్లకే వర్తిస్తుంది. ఇంటి వరకు ఆప్టికల్ ఫైబర్ వచ్చిన చోట తేమ వల్ల విద్యుత్తు జారడమన్నది ఉండదు. అక్కడ వాన తరువాత ఇబ్బంది వస్తే, గాలికి వంగిన ఫైబర్, వదులైన కనెక్టర్, కరెంటు అంతరాయం వంటి వేరే కారణాలు వెతకాలి. రాగి లైనులో మాత్రం మరమ్మతు ఫలించిందా లేదా అన్నది పొడి రోజున తేలదు. తరువాతి పెద్ద వానలో మార్జిన్ పడిపోకుండా నిలిచినప్పుడే ఫిర్యాదు నిజంగా ముగిసినట్టు.