ఖునాక్: గొంతులో మొదలై గుండె దాకా వెళ్లే జహర్

మన ఉర్దూలో ఈ మర్జ్‌ను ఖునాక్ అంటారు. అరబ్బీలో ఆ మాటకు మూలం గొంతు నులమడం. పాత యునానీ తిబ్‌లో హల్ఖ్ వాచి ఊపిరాడకుండా చేసే జబ్బులు చాలావాటిని ఈ పేరుతోనే పిలిచేవారు, తర్వాత అది డిఫ్తీరియాకు స్థిరపడింది. తెలుగులో దీని పేరు కంఠసర్పి. కంఠంలో పాకేది అని. డాక్టర్లు వాడే డిఫ్తీరియా గ్రీకు మాట, దానికి అర్థం తోలు. 1826లో పియెర్ బ్రెటొనో అనే ఫ్రెంచి వైద్యుడు పిల్లల గొంతుల్లో చూసిన బూడిదరంగు పొరకు తోలు పోలిక తెచ్చి ఆ పేరు పెట్టాడు. స్పెయిన్ వాళ్లయితే 1613ను ఈ జబ్బు పేరుతోనే గుర్తు పెట్టుకున్నారు. వాళ్ల మాటకు కూడా మూలం గొంతు బిగించి ప్రాణం తీసే సాధనమే. ఇన్ని జబానుల్లో ఇన్ని పేర్లున్నా అందరికీ కనబడింది గొంతే. నిజానికి పిల్లల్ని తీసుకుపోయేది గొంతు ఒక్కటే కాదని తెలియడానికి 1888 దాకా పట్టింది.

ఆ సంగతికి వచ్చే ముందు ఆ పొర గురించి తెలుసుకుందాం. ఎందుకంటే అమ్మీ అయినా నానీ అయినా ఇంట్లో మొదట చూడగలిగింది అదొక్కటే.

మామూలు టాన్సిల్ వాపులో జ్వరం గట్టిగా వస్తుంది. టాన్సిళ్ల మీద తెల్లని చుక్కలు కనబడతాయి, తుడిస్తే చాలావరకు వచ్చేస్తాయి. ఖునాక్‌లో జ్వరం ఓ మోస్తరుగానే ఉంటుంది, కానీ బచ్చా మాత్రం ఆ జ్వరానికి మించి వాడిపోయి కనబడతాడు. పొర మొదట తెల్లగా మొదలై ఒకటి రెండు రోజుల్లో బూడిదరంగుకు తిరుగుతుంది. టాన్సిల్ దగ్గర ఆగదు, కొండనాలుక మీదికి, అంగిలి మీదికి పాకుతుంది. కింది కండకు అతుక్కుని ఉంటుంది, గీకితే నెత్తురు వస్తుంది. అందుకే వేలితోనో చెంచాతోనో గీకి చూడకూడదు. ఇది పైన పేరుకున్న తెల్ల పదార్థం కాదు. చచ్చిన కణాలూ, నెత్తురులోని పదార్థాలూ, క్రిములూ కలిసి గడ్డకట్టిన పొర. మెడ రెండు వైపులా వాచి ఎద్దు మెడలా తయారైతే జబ్బు ముదిరిందని అర్థం. పొర స్వరపేటికలోకి దిగితే గొంతు బొంగురుపోతుంది, దగ్గు మోగుతుంది, ఊపిరి పీల్చినప్పుడు శబ్దం వస్తుంది. అప్పుడు మాత్రం పేరుకు తగ్గట్టే గొంతు నులుముతుంది.

1884లో జర్మనీలో లోఫ్లర్ ఈ క్రిమిని విడిగా పెంచి చూశాడు. చనిపోయిన జంతువుల్లో క్రిమి సూది గుచ్చిన చోటే ఉంది, గుండెలోనూ నరాల్లోనూ లేదు. అయినా ఆ అవయవాలు దెబ్బతిన్నాయి. క్రిమి పోని చోటికి దాని దెబ్బ ఎలా పోయింది? 1888లో పారిస్‌లో ఎమీల్ రూ, యెర్సిన్ దానికి జవాబు కనుక్కున్నారు. క్రిములు పెరిగిన ద్రవాన్ని వడగట్టి, క్రిమి లేకుండా చేసి జంతువులకు ఎక్కిస్తే అవి అదే జబ్బుతో చనిపోయాయి. అంటే క్రిమి గొంతులోనే కూర్చుని జహర్ తయారు చేస్తుంది, ఆ జహర్ నెత్తురులో కలిసి ప్రయాణం చేస్తుంది. (ఆ క్రిమికి కూడా ఈ విద్య సొంతం కాదు. దానికి ఒక వైరస్ సోకితేనే విషం చేసే గుణం వస్తుంది.)

ఆ విషం కణంలోకి దూరి ప్రొటీన్లు తయారయ్యే పనిని ఆపేస్తుంది. కణం నెమ్మదిగా చస్తుంది. అందుకే దెబ్బ ఒకేసారి కనబడదు, వాయిదాల మీద వస్తుంది.

ఒక బచ్చీని ఊహించుకుందాం. మైపాడు వైపు సముద్రపు ఒడ్డున ఒక పల్లె, పదేళ్ల అమ్మాయి. పసితనంలో టీకాలు పడ్డాయి, తర్వాతి బూస్టర్లు పడలేదు. మొదటి రోజు గొంతు నొప్పి, కొంచెం జ్వరం. పక్కనున్న మందుల దుకాణంలో మాత్రలు తెచ్చారు. మూడో రోజుకు బూడిద పొర అంగిలి దాకా వచ్చింది, ముద్ద మింగలేకపోతోంది. నాలుగో రోజు నెల్లూరు పెద్దాసుపత్రికి తెచ్చారు. గొంతు బాగా వాచి ఉంది కానీ ఊపిరి ఆడుతోంది. యాంటిబయాటిక్ మొదలుపెట్టారు, యాంటిటాక్సిన్ మాత్రం దొరకలేదు. వారం తిరిగేసరికి పొర ఊడిపోయింది, పిల్ల ముద్ద తింటోంది, ఇంట్లో అందరూ అల్‌హమ్దులిల్లాహ్ అన్నారు.

అసలు ప్రమాదం అప్పుడే. గుండె కండరం దెబ్బతినడం తరచుగా మొదటి వారం చివర్లోనో రెండో వారంలోనో, గొంతు బాగుపడుతున్న రోజుల్లోనే బయటపడుతుంది. నాడి అడ్డదిడ్డంగా కొట్టుకుంటుంది, లేదా మరీ నెమ్మదిస్తుంది. పిల్ల పాలిపోతుంది, వాంతులవుతాయి. ఒక్కోసారి మంచం మీంచి లేచి నాలుగడుగులు వేసిన బిడ్డ అక్కడే కూలిపోవచ్చు. అందుకే డాక్టర్లు గొంతు బాగుపడ్డాక కూడా ఈసీజీలు తీస్తూనే ఉంటారు, మంచం దిగనివ్వరు. "తగ్గిపోయింది కదా, ఇంటికి తీసుకుపోతాం" అని సంతకం పెట్టి వెళ్లేవాళ్లకు అర్థం కాని సంగతి ఇదే.

గుండె గండం దాటితే నరాల వంతు. ముందు అంగిలి చచ్చుబడుతుంది. మాట ముక్కుతో వస్తుంది, తాగిన నీళ్లు ముక్కులోంచి బయటికి వస్తాయి. తర్వాత దగ్గర వస్తువులు మసకబారవచ్చు, చదువుతుంటే అక్షరాలు అలుక్కుపోతాయి. నెల దాటాక, ఒక్కోసారి మూడు నెలలకు, కాళ్లూ చేతులూ బలం తప్పుతాయి. అప్పటికి ఇంట్లో ఎవరికీ ఆ గొంతు నొప్పి గుర్తుండదు, నజర్ తగిలిందని దమ్ చేయించడానికి బయల్దేరతారు. ఊపిరి తీసే కండరాలు దెబ్బతినకుండా ఉంటే ఈ పక్షవాతం చాలామందిలో వారాలు, నెలలు గడిచాక పూర్తిగా పోతుంది. నరాలకు గుండె కంటే సబర్ ఎక్కువ అనిపిస్తుంది నాకు.

ఆ బచ్చీకి దొరకని యాంటిటాక్సిన్ గుర్రాల నుంచి వస్తుంది. 1890లో బెర్లిన్‌లో బేరింగ్, కితాసాతో ఒక సంగతి చూపించారు. జంతువుకు విషాన్ని కొద్దికొద్దిగా అలవాటు చేస్తే దాని నెత్తురులో విరుగుడు పుడుతుంది, ఆ విరుగుడును ఇంకో జంతువుకు ఎక్కిస్తే అదీ బతుకుతుంది. 1894లో రూ గుర్రాల నుంచి ఈ సీరం ఎక్కువ మొత్తంలో తీసి పారిస్ పిల్లల దవాఖానాలో వాడాడు. అంతకు ముందు ఆ వార్డులో చేరిన పిల్లల్లో దాదాపు సగం మంది పోయేవారు, సీరం వచ్చాక ఆ లెక్క నాలుగో వంతుకు దిగింది. 1901లో వైద్యానికి ఇచ్చిన మొట్టమొదటి నోబెల్ బహుమతి ఈ సీరం పనికే బేరింగ్‌కు దక్కింది. ఇప్పటికీ మందు అదే, గుర్రం సీరమే.

దాని హద్దు కూడా తెలిసి ఉండాలి. నెత్తురులో తిరుగుతున్న విషాన్ని అది పట్టుకుంటుంది. ఒకసారి కణంలోకి దూరిన విషాన్ని ఏమీ చేయలేదు. అందుకే గొంతు నుంచి తీసిన నమూనా పరీక్ష ఫలితం కోసం ఆగకుండా, పొర చూసి అనుమానం రాగానే ఇవ్వాలి. మోతాదు బిడ్డ బరువును బట్టి ఉండదు, జబ్బు ఎంత పాకింది, ఎన్ని రోజులైంది అన్న దాన్ని బట్టి ఉంటుంది. రెండు రోజుల లోపు, గొంతుకే పరిమితమైతే 20,000 నుంచి 40,000 యూనిట్లు. మూడు రోజులు దాటి మెడ వాచి ఉంటే 80,000 నుంచి 1,20,000. గుర్రం సీరం కొందరికి పడదు, కాబట్టి ముందు కొద్దిగా ఇచ్చి పరీక్షించి, తర్వాత సెలైన్‌లో కలిపి మెల్లగా ఎక్కిస్తారు. పెన్సిలిన్, ఎరిత్రోమైసిన్ లాంటివి క్రిమిని చంపుతాయి, కొత్త విషం రాకుండా, పక్కవాళ్లకు అంటకుండా చేస్తాయి. అప్పటికే బయటికొచ్చిన విషానికి అవి విరుగుడు కావు.

జబ్బు తగ్గిపోతే మందుకు గిరాకీ తగ్గుతుంది, గిరాకీ లేని మందును తయారుచేసేవాళ్లు తగ్గుతారు. 2018 సెప్టెంబరులో ఢిల్లీలోని మహర్షి వాల్మీకి అంటువ్యాధుల ఆసుపత్రిలో ఇరవై మందికి పైగా పిల్లలు ఖునాక్‌తో చనిపోయారు. ఎక్కువమంది ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చినవాళ్లు. ఆ రోజుల్లో అక్కడ యాంటిటాక్సిన్ కొరత ఉంది.

మన తెలుగు నేలకు వస్తే, హైదరాబాద్ నల్లకుంట ఫీవర్ దవాఖానా ఉంది. సర్ రొనాల్డ్ రాస్ పేరు పెట్టిన ఆ ఆసుపత్రిని పాతవాళ్లు కోరంటి దవాఖానా అంటారు, క్వారంటీన్ మాట అలా అరిగి మిగిలింది. దేశంలో చాలా చోట్ల మరుగున పడిన ఈ జబ్బు హైదరాబాద్‌లో పోలేదు. 2003 నుంచి 2006 వరకు నగరంలో వచ్చిన కేసులను పరిశోధకులు లెక్కగట్టి 2008లో ఒక అంతర్జాతీయ వైద్య పత్రికలో అచ్చువేశారు. జబ్బు ఎక్కువగా ఉన్నది 5 నుంచి 19 ఏళ్ల వాళ్లలో. మగవాళ్ల కంటే ఆడవాళ్లలో. మిగతావాళ్ల కంటే ముస్లింలలో.

ఈ చివరి మాట రాయడానికి చేయి వెనకాడుతుంది. ఎవరో దీన్ని పట్టుకుని మన మీదికే విసురుతారన్న ఖౌఫ్. కానీ అదే పరిశోధనలో ఇంకో రెండు సంగతులున్నాయి. నాలుగు లేక అంతకు మించి మోతాదులు పడినవాళ్లను టీకా కాపాడింది. బూస్టర్లు వేయించుకున్నవాళ్లు మొత్తం మీదే తక్కువ, ముస్లింలలో మరీ తక్కువ. అంటే తేడా మతంలో లేదు, నాలుగో సూదిలో, ఐదో సూదిలో ఉంది.

ఎందుకలా అంటే, ఈ టీకాలో ఉండేది కోరలు తీసిన విషం. 1923లో రామోన్ అనే ఆయన విషాన్ని ఫార్మలిన్‌తో, వేడితో నిర్వీర్యం చేసి దీన్ని తయారు చేశాడు. అది ఒంటికి విషాన్ని ఎదిరించడం నేర్పుతుంది, క్రిమి గొంతులో కాపురం పెట్టకుండా పూర్తిగా ఆపలేదు. టీకా పడినవాళ్ల గొంతులోనూ ఏ లక్షణం లేకుండా క్రిమి ఉండొచ్చు. పైగా నేర్చుకున్నది ఏళ్లు గడిచేకొద్దీ మరుపుకొస్తుంది. పసిబిడ్డకు 6, 10, 14 వారాలకు వేసే మూడు సూదులు పునాది మాత్రమే. 16 నుంచి 24 నెలల మధ్య ఒకటి, 5 నుంచి 6 ఏళ్ల మధ్య ఇంకొకటి బూస్టర్. ఆ తర్వాత 10 ఏళ్లకు, 16 ఏళ్లకు టీడీ సూది.

బూస్టర్లు జారిపోతే ఏమవుతుందో సోవియట్ దేశాలు చూశాయి. 1990ల్లో అక్కడ లక్షన్నరకు పైగా కేసులొచ్చాయి, దాదాపు ఐదు వేల మంది పోయారు. వాళ్లలో పెద్దవాళ్లు చాలామంది. 2017 చివర్లో బర్మా నుంచి తరిమేయబడి కాక్స్ బజార్ శిబిరాలకు చేరిన రోహింగ్యాల్లోనూ ఖునాక్ వేల మందికి సోకింది. వాళ్లలో టీకాలు పడినవాళ్లు చాలా తక్కువ.

మన మహల్లాల్లో నాకు కనబడేది వేరే. అఫ్వాలు నమ్మి అసలే వేయించనివాళ్లు కొందరున్నారు, కానీ ఎక్కువమంది మొదటి ఏడాది టీకాలు శ్రద్ధగా వేయిస్తారు. ఆ తర్వాత కార్డు ట్రంకు పెట్టె అడుగుకు పోతుంది. ఐదేళ్ల సూదికి జ్వరమొస్తుందని ఒకరు, బడివాళ్లే వేస్తారులే అని ఇంకొకరు. పదేళ్లకు బడి మానిపించిన బచ్చీ ఉంటే, బడిలో వేసే టీడీ సూది ఆమె దాకా రాదు. హైదరాబాద్ లెక్కల్లో ఆడపిల్లలు ఎందుకు ముందున్నారో ఆ పరిశోధకులు చెప్పారని అనను, నాకు మాత్రం ఈ మూసిన తలుపు అడ్డంగా కనబడుతుంది.

ఇంట్లో ఒకరికి ఖునాక్ అని తేలితే దగ్గరగా మసిలిన అందరికీ గొంతు నమూనా తీసి, మందు ఇచ్చి, టీకా లెక్క చూస్తారు. పక్కింటి ఖాలా, మద్రసాలో పక్కన కూర్చున్న పిల్లలు కూడా ఆ లెక్కలోకి వస్తారు. కోలుకున్న బిడ్డకు కూడా తర్వాత టీకా వేయాలి. మీజిల్స్ ఒకసారి వచ్చి పోతే మళ్లీ రాదని మనవాళ్లంటారు. ఖునాక్ అలా కాదు. ఒకసారి వచ్చిపోయినంత మాత్రాన ఒంటికి నమ్మకమైన రక్షణ మిగలదు, అదే బచ్చీకి అది మళ్లీ రావచ్చు.