మందా, దండా, గుంపా? – అసలు మాటలు, సరదా మాటలు



ఈ ప్రత్యేక సంచిక కోసం పశువులు, పక్షులు, మనుషులు గుమిగూడినప్పుడు వాడే మాటలను సేకరించి పంపవలసిందిగా మన సంఘం తరఫున కోరగా, సభ్యులు ఉత్సాహంగా నలభైకి పైగా మాటలు పంపారు. గొర్రెల మంద, మిడతల దండు, చీమల బారు, కూలీల ముఠా వంటివి కొన్ని. కాకుల కచేరీ, కోతుల కమిటీ, గుడ్లగూబల శాసనసభ, గుమాస్తాల గుసగుస వంటివి మరికొన్ని. వీటిలో తరతరాలుగా వాడుకలో ఉన్నవి ఏవి, సరదాకు పుట్టించినవి ఏవి అని విడదీసే పని నాకు అప్పగించారు.

నిఘంటువు తెరిస్తే సగం పని అయిపోతుందనుకుంటాం గాని, అందులో లేని మాట పల్లెలో బతికి ఉండవచ్చు, అందులో ఉన్న మాట ఎవరి నోటా రాకపోవచ్చు. అందుచేత నేను మూడు ప్రశ్నలు పెట్టుకున్నాను. ఆ మాటను పనిలో భాగంగా వాడేవారు ఉన్నారా? దానికి సొంత క్రియలు ఉన్నాయా? అది అన్ని ప్రాణులకూ అతుకుతుందా, కొన్నింటికే పరిమితమా?

మొదట మంద సంగతి. మన అనంతపురం మెట్టనేలలో సాలుకు సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన పడుతుంది. అది కూడా వేళకు రాదు. ఇటువంటి చోట గొర్రె ఒక ఆధారం, దాని ఎరువు మరొక ఆధారం. పంట కోత అయిన తరువాత రైతు కాపరులను పిలిపించి తన చేనిలో మంద ఆపించుకుంటాడు. ఒక రాత్రి ఒక మడిలో, మరునాటి రాత్రి పక్క మడిలో జీవాలు పడుకుంటాయి. పెంట, మూత్రం నేరుగా నేలలో కలుస్తాయి, బండి తోలే ఖర్చు లేదు. పూర్వం ఇందుకు గింజలు కొలిచేవారు, తరువాత రొక్కం వచ్చింది. లెక్క రాత్రుల మీద, జీవాల మీద నడుస్తుంది కనుక మంద అనే మాట మీద బేరమూ ఉంటుంది, తగాదా కూడా ఉంటుంది.

కళ్యాణదుర్గం వైపు ఒక కాపరిని, ఎన్ని గొర్రెలుంటే మంద అంటారని అడిగాను. అతడు నవ్వి, "లెక్కతో మంద అయితాదా సామీ? రాత్రికి ఒక చేన్లో పండుకుంటేనే మంద" అన్నాడు. నలుగురైదుగురి గొర్రెలు కలిసి ఒకే మందగా తిరుగుతాయి. ఎవరివి వారికి తెలియడానికి చెవి మీద కోతో, ఒంటి మీద రంగో గుర్తుగా ఉంటుంది. అంటే మంద అన్నది ఒకరి ఆస్తి పేరు కాదు, కలిసి మేసి కలిసి పడుకునే ఏర్పాటు పేరు. మంద తోలడం, మంద ఆపించడం, మంద మార్చడం అని దానికి క్రియలు ఉన్నాయి. గొర్రెలకు, మేకలకు, పశువులకు చెల్లుతుంది గాని కాకుల మంద అని ఎవరూ అనరు. మూడు ప్రశ్నలకూ నిలిచిన మాట ఇది.

దండు విషయంలో మాట తేడా వల్ల జిల్లాలో గుండెలు కూడా అదిరాయి. 2020 ఏప్రిల్‌లో ఎడారి మిడతలు రాజస్థాన్‌లో దిగి, మే నెలాఖరుకు మధ్యప్రదేశ్, మహారాష్ట్రల దాకా వచ్చాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే మన రాయదుర్గంలో జిల్లేడు చెట్ల మీద మిడతలు కుప్పలుగా కనిపించాయి. "మిడతల దండు వచ్చేసింది" అన్న వార్త క్షణాల్లో పాకిపోయింది. వ్యవసాయ అధికారులు చూసి, ఇవి ఎడారి మిడతలు కావు, జిల్లేడు ఆకు తినే స్థానిక జాతి అని చెప్పారు.

తేడా పట్టుకోవడం కష్టం కాదు. జిల్లేడు మిడత పచ్చ పసుపు రంగు చారలతో, చూడగానే గుర్తుపట్టేటట్లు ఉంటుంది. తిన్న చెట్టును పట్టుకుని అక్కడే ఉంటుంది. అది గుంపు. ఎడారి మిడతలు గాలివాటున రోజుకు 150 కిలోమీటర్ల వరకు పోగలవు, దిగిన చోట పచ్చనిదేదీ మిగలనీయవు. అది దండు. దండు అంటే సైన్యం, కదిలి వచ్చేది. పక్కనున్న బెంగళూరులో కన్నడిగులు కంటోన్మెంటును దండు అనే పిలిచేవారు. ఇంకొక విశేషం చెప్పాలి. ఎడారి మిడత కరవు రోజుల్లో ఒంటరిగా బతుకుతుంది. వానలు కురిసి సంతతి పెరిగి ఒకదానికొకటి ఒరుసుకునేసరికి రంగు, నడత మార్చుకుని దండు కడుతుంది. ఈ రెండూ వేరు జాతులు కావని, ఒకే పురుగు రెండు దశలని బోరిస్ ఉవరోవ్ అనే శాస్త్రజ్ఞుడు 1921లో ప్రతిపాదించాడు. మన పెద్దలకు ఆ శాస్త్రం తెలియకపోయినా, కదిలి వచ్చేదానికి వేరే మాట ఉంచుకున్నారు.

ఇక సరదా మాటలు. గుడ్లగూబల శాసనసభ పంపిన సభ్యునికి ఇది కొంత నిరాశ కలిగించవచ్చు. అది ఇంగ్లీషు నుంచి దిగుమతి అయింది. అక్కడ కూడా అది ప్రాచీనం కాదు, సి.ఎస్. లూయిస్ 1953లో వెలువడిన పిల్లల నవలలో ఒక అధ్యాయానికి పెట్టిన పేరుగా వ్యాప్తిలోకి వచ్చింది. ఇంగ్లీషువారి పాత జాబితా 1486లో అచ్చయిన సెయింట్ ఆల్బన్స్ పుస్తకంలో ఉంది. వేటకు పోయే దొరబిడ్డలు నేర్చుకోవలసిన మాటలవి. సింహాల గుంపుకు 'గర్వం' అనే పేరు అందులోనిదే. అదే జాబితాలో న్యాయమూర్తుల గుంపుకు 'తీర్పు' అని కూడా ఉన్నది, అంటే పరిహాసం ఆనాడే కలిసిపోయింది. కాబట్టి పాతది అయినంత మాత్రాన పనిలో పుట్టిన మాట అనుకోరాదు. కాకుల కచేరీ, కోతుల కమిటీ బాగానే నవ్వించాయి గాని వాటికి క్రియ లేదు, పని లేదు. అవి సరదా పట్టీలో చేరాయి.

సంస్కృతం తెలిసిన ఒక మిత్రుడు, మన వద్ద అంతకన్నా పాత పట్టీ ఉందని అమరకోశం చూపించాడు. పశువుల గుంపు సమజం, తక్కినవారి గుంపు సమాజం అని అమరసింహుడు వేరు చేశాడు. ఒక్క దీర్ఘం తేడా! ప్రాణుల గుంపుకు సంఘం అన్న మాట కూడా అక్కడే ఉంది. పాణిని వ్యాకరణంలోనైతే గుంపు పేర్లు తయారుచేయడానికి సూత్రాలే ఉన్నాయి. జన శబ్దానికి 'తా' చేరిస్తే జనత, జనుల సమూహం. 1977లో ఢిల్లీ గద్దెనెక్కిన పార్టీ పేరు ఆ సూత్రం ప్రకారం సిద్ధించినదే. అదే వ్యాకరణంలో గొర్రెల గుంపుకు ఔరభ్రకం అని రూపం ఉంది. అది పరిహాసం కాదు, నిక్కమైన పదమే. కాని కళ్యాణదుర్గం కాపరితో ఆ మాట అంటే మనకు ఒంట్లో బాగాలేదనుకుంటాడు. ఇటువంటివాటికి మూడో పట్టీ వేశాను: గ్రంథస్థములు.

చిట్టచివరకు ఒక మాట దగ్గర పేచీ వచ్చింది. బ్యాంకు ముందు మనం నిలబడడం చూసి ఒక సభ్యుడు 'పింఛనుదారుల బారు' అని రాసి పంపాడు. నేను సరదా పట్టీలో వేయబోతే మా ఇంట్లో ఒప్పుకోలేదు. చీమలకు బారు ఉంది, "బారులు తీరారు" అని క్రియ ఉంది, ఒకటో తేదీన అది మీ పని కూడానూ, మీ మూడు ప్రశ్నలకూ జవాబు దొరికింది కదా అన్నది. మొదటి పట్టీలోకి మార్చాను.